బి12 సూదులతో రక్తం పెరగలేదు, ఇప్పుడు బోన్ మ్యారో పరీక్ష ఎందుకు?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 58 ఏళ్లు. వరంగల్ ఏనుమాముల మార్కెట్‌లో మిర్చి వ్యాపారి దగ్గర గుమస్తాగా చేస్తున్నాను. నాలుగు నెలల నుంచి నడిస్తే ఆయాసం, కళ్లు తిరుగుతున్నాయి. హిమోగ్లోబిన్ 7.6, తెల్ల కణాలు 2,700, ప్లేట్‌లెట్లు 58,000 వచ్చాయి. ఆరు వారాలు బి12 సూదులు చేయించుకున్నా ఏమీ పెరగలేదు. ఇప్పుడు హన్మకొండలో డాక్టర్ గారు బోన్ మ్యారో బయాప్సీ చేయాలంటున్నారు. వెన్నులో సూది గుచ్చితే కాళ్లు పడిపోతాయని మా వాళ్లు వద్దంటున్నారు. అసలే ప్లేట్‌లెట్లు తక్కువ, గుచ్చితే రక్తం ఆగుతుందా? క్యాన్సర్ అని అనుమానమా? రెండు బాటిళ్లు రక్తం ఎక్కించుకుంటే సరిపోదా? రిపోర్టులు అన్నీ జత చేస్తున్నాను. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.

సమాధానం:

కాళ్ల సంగతి ముందు చెబుతాను. ఆ భయం పోకపోతే మిగతాదేదీ మీ మనసుకు ఎక్కదు. ఈ పరీక్షలో సూది వెన్నుపూసలోకి వెళ్లదు, తుంటి ఎముకలోకి వెళ్తుంది. నడుము కింద వెనక వైపు, పిరుదులకు కాస్త పైన, రెండు పక్కలా చిన్న సొట్టల్లా ఉంటాయి. అక్కడ వేలితో నొక్కితే చర్మం కిందే ఎముక గట్టిగా తగులుతుంది. సూది గుచ్చేది ఆ ఎముకలోనే. పెద్దవాళ్లలో వెన్నుపాము అంతకంటే చాలా పైన, నడుము పైభాగంలోనే ముగిసిపోతుంది. పైగా సూదిని వెన్ను వైపు కాకుండా పక్కకు, తుంటి ముందు భాగం దిశగా పోనిస్తారు. మీ వాళ్లు చెబుతున్నది బహుశా నడుములోంచి నీరు తీసే పరీక్ష అయి ఉంటుంది. అది పూర్తిగా వేరే పరీక్ష, మీకు రాసింది అది కాదు.

ఇక అసలు విషయానికి వస్తాను. మీ రిపోర్టులన్నీ తేదీల వరుసలో పెట్టుకుని చదివాను. మీ డాక్టర్ గారు తొందరపడ్డారని నాకు అనిపించలేదు. ఆయన స్థానంలో నేనున్నా ముందు బి12 ఇచ్చి చూసేవాణ్ణి, తర్వాత ఇదే సలహా ఇచ్చేవాణ్ణి. ఎందుకో మీ కాగితాలతోనే చూపిస్తాను.

మీ మొదటి రిపోర్టులో మూడు రకాల కణాలూ తగ్గాయి. దాంతోపాటు ఎంసీవీ అని ఒక అంకె ఉంది, మీది 109. ఎర్ర కణం సైజును చెప్పే అంకె అది. మామూలుగా 80 నుంచి 100 మధ్య ఉండాలి. అంటే మీ ఎర్ర కణాలు తక్కువగా ఉండటమే కాదు, ఉన్నవి ఉండాల్సిన దానికంటే పెద్దగా ఉన్నాయి. మన దగ్గర ఇలా కనిపిస్తే మొట్టమొదట గుర్తుకు రావాల్సింది బి12 లోపమే. అది చాలామందిలో ఉంటుంది, సూదులతో పూర్తిగా నయమవుతుంది, మూడు కణాలనూ ఒకేసారి తగ్గించగలదు. సూదులు మొదలుపెట్టక ముందు మీ రక్తంలో బి12 స్థాయి 240 వచ్చింది. లోపం ఉందని గట్టిగా చెప్పలేం, లేదని కూడా చెప్పలేం. ఇలాంటప్పుడు సూదులు, ఫోలిక్ యాసిడ్ మాత్రలు ఇచ్చి చూడటం సరైన పని. స్థాయి చూడకుండా ముందే సూదులు పొడిచేస్తే తర్వాత చేసే బి12 పరీక్ష ఎక్కువే చూపిస్తుంది, దాన్నుంచి ఏమీ తెలియదు. మీ విషయంలో ఆ క్రమం తప్పలేదు.

బి12 లోపమే కారణమైతే మందు పడ్డాక శరీరం చాలా త్వరగా స్పందిస్తుంది. సుమారు వారం రోజుల్లో రెటిక్యులోసైట్లు, అంటే అప్పుడే పుట్టిన లేత ఎర్ర కణాలు, ఒక్కసారిగా పెరుగుతాయి. రెండో వారం నుంచి హిమోగ్లోబిన్ కదలడం మొదలవుతుంది. రెండు నెలలు తిరిగేసరికి దాదాపు మామూలు స్థితికి వస్తుంది. మీకు ఆరు వారాల తర్వాత హిమోగ్లోబిన్ 7.6 నుంచి 7.4కి వచ్చింది. ప్లేట్‌లెట్లు 58,000 దగ్గర నుంచి 55,000కి వచ్చాయి. ఇంత చిన్న తేడా లెక్కలోకి రాదు, కానీ పెరుగుదల లేదన్నది స్పష్టం.

రెటిక్యులోసైట్లు 0.9 శాతం అని రాసి, పక్కన నార్మల్ అన్నట్టు ఏ గుర్తూ పెట్టకపోవడం చూశాను. అది చూసి మీకు ధైర్యం వచ్చి ఉండొచ్చు. నిజానికి మీ రిపోర్టుల్లో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన అంకెల్లో అదొకటి. రక్తం ఇంత తగ్గినప్పుడు లేత కణాలు మామూలుకంటే ఎన్నో రెట్లు ఎక్కువగా బయటికి రావాలి. రక్తంలో ఎర్ర కణాల వాటా ఎంత శాతమో చెప్పే హిమటోక్రిట్ మీకు 23. మామూలు మనిషికి 45 అనుకుందాం. 0.9ని 23తో గుణించి 45తో భాగిస్తే 0.46 వస్తుంది. అవసరం పెరిగిన వేళ ఉత్పత్తి సగానికి పడిపోయిందన్న మాట. దీంతో ఒక సంగతి తేలింది. మీ రక్తం ఎక్కడో కారిపోవడం వల్లో, కణాలు పగిలిపోవడం వల్లో తగ్గలేదు. అసలు తయారీ దగ్గరే ఆటంకం ఉంది.

ఇంకో కాగితంలో, గాజు పలక మీద రక్తాన్ని పరచి మైక్రోస్కోప్‌తో చూసిన రిపోర్టులో, పాథాలజిస్ట్ ఒక వాక్యం రాశారు. న్యూట్రోఫిల్ అనే రకం తెల్ల కణాలు కొన్నింటిలో కేంద్రకం రెండు ముక్కలుగానే ఉందని. మామూలుగా అది మూడు, నాలుగు ముక్కలుగా ఉంటుంది. బి12 లోపంలో ఐదు, ఆరు ముక్కలయ్యి ఎక్కువవుతుంది. మీలో దానికి ఉల్టాగా తగ్గింది. ఈ ఒక్క వాక్యం రోగాన్ని తేల్చదు గానీ బి12 వైపు నుంచి చూపు మళ్లించి, ఎముక మూలుగ, అంటే బోన్ మ్యారో వైపు తిప్పుతుంది. ఎంత ఓపికగా చూస్తే ఆ వాక్యం రాయగలరో నాకు తెలుసు. ఆ పాథాలజిస్ట్ ఎవరో గానీ మీకు మేలు చేశారు.

థైరాయిడ్, లివర్, హెచ్‌ఐవి, హెపటైటిస్ పరీక్షలు మీకు ముందే అయ్యాయి, వాటిలో ఏమీ లేదు. స్కానింగ్‌లో ప్లీహం పెరగలేదు. ఇక మిగిలింది మూలుగ. మటన్ నల్లిబొక్కలో మనకు కనిపించేది అదే. కాకపోతే పెద్దవాళ్లలో కాళ్ల, చేతుల పొడవాటి ఎముకల్లో మూలుగ చాలావరకు కొవ్వుగా మారిపోతుంది. రక్తం తయారు చేసే ఎర్ర మూలుగ తుంటి, వెన్నుపూసలు, పక్కటెముకలు, రొమ్ము ఎముకల్లో మిగులుతుంది. అందుకే తుంటిని ఎంచుకుంటారు.

మీ పని మార్కెట్‌లో కాబట్టి మీకు తెలిసిన విషయంతోనే చెబుతాను. ఒక ఏడాది ఏనుమాములకు మిర్చి బస్తాలు సగమే వచ్చాయనుకోండి. రైతులు మిర్చి వేయకపోయి ఉండొచ్చు. వేసినా తామర పురుగు పట్టి పూత, కాయ రాలిపోయి ఉండొచ్చు. లేదా చేనంతా కలుపు కమ్మేసి మొక్కకు చోటు లేకపోయి ఉండొచ్చు. యార్డులో నిలబడి బస్తాలు ఎన్నిసార్లు లెక్కపెట్టినా ఈ మూడింట్లో ఏది జరిగిందో తెలియదు. చేనులోకి పోయి చూడాల్సిందే.

మూలుగలోనూ ఈ మూడూ జరుగుతాయి. మొదటిది, మూలుగ ఖాళీ కావడం. కణాలు పుట్టాల్సిన చోట కొవ్వు మిగులుతుంది. దీన్ని ఎప్లాస్టిక్ ఎనీమియా అంటారు, ఇది క్యాన్సర్ కాదు. చాలామందిలో సొంత రోగనిరోధక కణాలే మూలుగ మీద దాడి చేయడం దీనికి కారణం. రెండోది, మూలుగ నిండుగానే ఉంటుంది గానీ అందులో పుట్టే కణాలు వంకరగా తయారై, బయటికి రాకముందే చచ్చిపోతాయి. దీన్ని మైలోడిస్‌ప్లాస్టిక్ సిండ్రోమ్, పొట్టిగా ఎండీఎస్ అంటారు. మూడోది, మూలుగను వేరేది ఆక్రమించడం. అది ల్యుకేమియా అనే రక్త క్యాన్సర్ కావచ్చు, లింఫోమా అనే లింఫ్ గ్రంథుల క్యాన్సర్ కావచ్చు, మచ్చలాంటి నార కావచ్చు, అప్పుడప్పుడు టీబీ కూడా కావచ్చు.

ఈ మూడింటికీ రక్త పరీక్షలో దాదాపు మీకు వచ్చిన అంకెలే రావచ్చు. చికిత్సలు మాత్రం ఒకదానికొకటి పొంతన లేనివి. ఖాళీ మూలుగకు రోగనిరోధక శక్తిని అణిచే మందులు ఇస్తాం. అది ల్యుకేమియా అయి ఉండి ఆ మందులు ఇస్తే రోగి ప్రాణం మీదికి వస్తుంది. ల్యుకేమియాకు ఇచ్చే కీమోథెరపీని ఖాళీ మూలుగ ఉన్న మనిషికి ఇస్తే మిగిలిన నాలుగు కణాలూ పోతాయి. ఎండీఎస్‌లో కొందరికి వారానికోసారి ఒక ఇంజెక్షన్, అవసరమైనప్పుడు రక్తం ఎక్కించడం సరిపోతాయి. ఇంకొందరికి ఇంకా బలమైన మందు కావాలి. టీబీ అయితే టీబీ మందులే. అందుకే మేం ఊహించి మందు రాయలేం. మిమ్మల్ని ఈ పరీక్షకు పంపడానికి నిజమైన కారణం ఇది.

క్యాన్సర్ అనుమానమా అని అడిగారు. అవును, చూడాల్సిన వాటిలో అదొకటి, అది దాచను. మీ వయసు, పెద్ద సైజు ఎర్ర కణాలు, రెండు ముక్కల కేంద్రకాలు కలిపి చూస్తే నా ఆలోచన ఎండీఎస్ వైపు ఎక్కువగా పోతోంది. దాన్ని రక్త క్యాన్సర్ల కుటుంబంలోనే లెక్కిస్తారు. కానీ ఆ ఒక్క పేరు కింద ఏళ్ల తరబడి నెమ్మదిగా ఉండేదీ ఉంది, నెలల్లో ల్యుకేమియాగా మారేదీ ఉంది. మీ రక్తంలో బ్లాస్టులు, అంటే పూర్తిగా ఎదగని మొలక కణాలు, కనిపించలేదు. అది మంచి సంగతి. అయితే రక్తంలో లేనంత మాత్రాన మూలుగలో లేవని చెప్పలేం. మూలుగలో అవి 5 శాతం లోపు ఉన్నాయా, 5 నుంచి 19 మధ్యనా, 20 దాటాయా అన్న దాన్ని బట్టి దారి మారిపోతుంది. 20 దాటితే సాధారణంగా దాన్ని ఎక్యూట్ ల్యుకేమియాగా చూస్తాం.

రెండు బాటిళ్ల రక్తం గురించి. మీకు ఆయాసం ఉంది కాబట్టి రక్తం ఎక్కించడం అవసరం పడొచ్చు, దానికి నేను అడ్డు చెప్పను. ఎక్కించాక బయాప్సీ చేయకూడదన్న నియమం కూడా లేదు, మూలుగ స్వరూపం దాని వల్ల మారదు. కానీ ఒక బాటిల్‌కు హిమోగ్లోబిన్ సుమారు ఒక గ్రాము పెరుగుతుంది. కొన్ని వారాల్లో మళ్లీ దిగుతుంది. తెల్ల కణాలు దానితో పెరగవు. ప్లేట్‌లెట్లు వేరుగా ఎక్కించినా కొద్ది రోజులే నిలుస్తాయి. ప్రతి బాటిల్‌తో 200 మిల్లీగ్రాములకు పైగా ఐరన్ ఒంట్లో చేరుతుంది, దాన్ని బయటికి పంపే దారి శరీరానికి లేదు. కారణం తెలియకుండా ఎక్కిస్తూ పోతే ఆరు నెలల తర్వాత కూడా ఇదే ప్రశ్న దగ్గర ఉంటాం, అప్పటికి జబ్బు ముదిరి ఉండొచ్చు.

పరీక్ష ఎలా జరుగుతుందో తెలిస్తే టెన్షన్ తగ్గుతుందని నా అనుభవం, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. మిమ్మల్ని పక్కకు తిప్పి, మోకాళ్లు కొంచెం పొట్ట వైపు మడిచి పడుకోబెడతారు, లేదా బోర్లా పడుకోమంటారు. నొప్పి తెలియకుండా చర్మానికి, ఆ తర్వాత ఎముక పైపొరకు లిగ్నోకెయిన్ ఇస్తారు. మొదట చురుక్కుమని మండుతుంది. ఎముక పైపొరలోనే నరాలు ఎక్కువ, అక్కడ మందు సరిగ్గా పరుచుకోవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఆ నిమిషాలు ఆగమని అడిగే హక్కు మీకుంది. సూది మొన తగిలినప్పుడు పదునుగా అనిపిస్తే ఇంకొంచెం మందు ఇవ్వమని చెప్పండి.

తర్వాత రెండు పనులు చేస్తారు. మొదటిది, సిరంజితో మూలుగ ద్రవాన్ని లాగడం. లాగే ఆ క్షణం నొప్పి ఉంటుంది, లేదని అబద్ధం చెప్పను. లోపల పీల్చినప్పుడు వచ్చే ఆ నొప్పికి పైన ఇచ్చిన మత్తు పని చేయదు. తొడలోకి జివ్వుమని లాగినట్టు ఉండి, కొన్ని క్షణాల్లో పోతుంది. మొదటి లాగుడులో అర మిల్లీలీటరు కూడా తీయరు, ఎక్కువ లాగితే రక్తం కలిసి పలచబడుతుంది. దాన్ని అక్కడికక్కడే గాజు పలకల మీద పరుస్తారు. రెండోసారి తీసిన కొన్ని మిల్లీలీటర్లను వేరు వేరు ట్యూబుల్లో పోస్తారు.

రెండో పని అసలు బయాప్సీ. కాస్త లావైన సూదిని తిప్పుతూ లోపలికి పంపి, అగ్గిపుల్ల కంటే సన్నటి ఎముక ముక్కను బయటికి తీస్తారు. దీనిలో నొప్పి కంటే గట్టిగా నొక్కుతున్న ఒత్తిడి ఎక్కువ తెలుస్తుంది. మొత్తం పని సుమారు అరగంటలో అయిపోతుంది. కొన్ని ఆసుపత్రుల్లో మగతగా ఉండే ఇంజెక్షన్ కూడా ఇస్తారు, మీకు భయం బాగా ఉంటే ముందే అడగండి. అది తీసుకుంటే మాత్రం పొద్దున ఏమీ తినకుండా రావాలి, ఇంటికి తీసుకుపోవడానికి తోడు మనిషి కావాలి. తీయబోయే మూలుగ వల్ల ఒంట్లో బలం తగ్గిపోదు. మూలుగ దానం చేసేవాళ్ల దగ్గర లీటరు దాకా తీసినా అది మళ్లీ తయారవుతుంది.

ద్రవం ఒక్కటి చాలదా, ఎముక ముక్క కూడా ఎందుకని చాలామంది అడుగుతారు. ద్రవంలో ఒక్కో కణం ముఖం బాగా కనిపిస్తుంది, బ్లాస్టులు ఎన్నో లెక్క తెలుస్తుంది. కానీ మూలుగ ఎంత నిండి ఉంది, ఎక్కడ ఖాళీ ఉంది, నార పెరిగిందా, ఓ మూల లింఫోమానో టీబీ గడ్డో ఉందా అన్నది విడిపోయిన కణాల్లో తెలియదు. ఎముక ముక్కలో అవి ఉన్న చోటే ఉంటాయి. మీ వయసుకు మూలుగలో సుమారు 40 శాతం కణాలు, మిగతా కొవ్వు ఉండటం మామూలు. అది 10 శాతమే ఉంటే ఖాళీ మూలుగ, 80 ఉంటే నిండి ఉండి పనిచేయని మూలుగ. ఇంకొక సంగతి కూడా ఉంది. నార పెరిగిన మూలుగలోనూ, బాగా కిక్కిరిసిన మూలుగలోనూ సిరంజి ఎంత లాగినా చుక్క రాదు. దాన్ని డ్రై ట్యాప్ అంటారు. అప్పుడు ఎముక ముక్కే దిక్కు.

ప్లేట్‌లెట్లు 55,000 ఉండగా రక్తం ఆగుతుందా అన్నది మంచి ప్రశ్న. తుంటి దగ్గర ఈ పరీక్షను 20,000 ఉన్నవాళ్లకూ చేస్తాం, ఎందుకంటే ఎముక చర్మం కిందే ఉంటుంది, నొక్కిపెట్టడం సులువు. అయ్యాక పది, పదిహేను నిమిషాలు గట్టిగా నొక్కి, కట్టు కట్టి, దాని మీదే బరువు పడేలా వెల్లకిలా పడుకోబెడతారు. బ్రిటన్‌లో 1995 నుంచి 2001 దాకా జరిగిన సుమారు 55 వేల పరీక్షలను లెక్కించినప్పుడు 26 మందికి తీవ్రమైన ఇబ్బంది వచ్చింది, అందులో సగానికి పైగా రక్తస్రావం. అంటే వెయ్యికి ఒకరి కంటే తక్కువ. అలా రక్తం కారడానికి దోహదపడినవిగా తేలిన వాటిలో ఆస్పిరిన్ వాడకం ఒకటి. కాబట్టి మీరు గుండెకో, బీపీతో పాటో ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, రక్తం పలచబడే మరే మాత్రలైనా వేసుకుంటుంటే డాక్టర్ గారికి చెప్పండి. మీ అంతట మీరు మానకండి, ఎప్పుడు ఆపాలో వాళ్లే చెబుతారు.

ఇంకో రెండు విషయాలు కూడా దాచకుండా చెప్పండి. కల్లు గానీ గుడుంబా గానీ రోజూ అలవాటుంటే అది ఎర్ర కణాల సైజును పెంచుతుంది, ప్లేట్‌లెట్లను తగ్గిస్తుంది. కీళ్ల నొప్పులకు ఎవరైనా ఇచ్చిన మాత్రలుంటే అట్టలతో సహా తీసుకుపోండి. మెథోట్రెక్సేట్ అనే మాత్ర వారానికి ఒక్కసారి వేసుకోవాల్సింది. పొరపాటున రోజూ వేసుకుంటే మూడు కణాలూ పడిపోతాయి. అలాంటిది బయటపడితే పరీక్ష అవసరమే మారిపోవచ్చు. ఈలోగా ఎవరైనా నీరసం తగ్గడానికని స్టెరాయిడ్ సూదులు, మాత్రలు ఇస్తే తీసుకోవద్దు. కొన్ని రకాల లింఫోమా, ల్యుకేమియాల్లో అవి గుర్తులను తాత్కాలికంగా చెరిపేస్తాయి, అప్పుడు పరీక్ష చేసినా ఏమీ దొరకదు.

పరీక్ష ఏ రోజు చేయించుకోవాలన్నది కూడా ముఖ్యమే. క్రోమోజోముల పరీక్షకు కణాలు బతికి ఉండాలి. మన దగ్గర తీసిన ఆ ట్యూబు సాధారణంగా హైదరాబాద్ ల్యాబుకు పోవాలి, వీలైతే 24 గంటల్లో. శనివారం తీస్తే ఆదివారం ఎక్కడో ఆగిపోతుంది. సోమవారం నుంచి గురువారం లోపు, పొద్దున పూట పెట్టించుకోండి. ఆ ట్యూబు హెపారిన్ వేసినదై ఉండాలి, దాన్ని ఐస్‌లో గడ్డకట్టించకూడదు. ఇది ఆసుపత్రి వాళ్ల పనే. అయినా "క్రోమోజోముల శాంపిల్ కూడా పంపుతున్నారా?" అని ఒక్క మాట అడగండి. ఆ రోజు తీయకపోతే దాని కోసమే మళ్లీ సూది గుచ్చాల్సి వస్తుంది. బయాప్సీ, కణాల రకాలను గుర్తించే ఫ్లో సైటోమెట్రీ, క్రోమోజోములు, వీటికి బిల్లులు విడివిడిగా ఉంటాయి. ఏవి ఇప్పుడే కావాలి, ఏవి మొదటి రిపోర్టు చూశాక చేయొచ్చు అని ముందే మాట్లాడుకోండి.

రిపోర్టులు ఒకేసారి రావు. గాజు పలకల ఫలితం రెండు, మూడు రోజుల్లో వస్తుంది. ఎముక ముక్కను సన్నగా కోయాలంటే ముందు అందులోని కాల్షియం కరిగించాలి, అందుకే వారం దాకా పడుతుంది. క్రోమోజోములకు కణాలను పెంచాలి కాబట్టి రెండు, మూడు వారాలు. ఆలస్యం అవుతోందంటే ఏదో చెడ్డది దొరికిందని అనుకోకండి. క్రోమోజోముల ఫలితం కోసం ఎందుకు ఇంత ఎదురు చూస్తామంటే, ఎండీఎస్‌లో మందును నిర్ణయించేది చాలాసార్లు అదే. ఐదో క్రోమోజోములో ఒక ముక్క పోయి ఉంటే లెనలిడోమైడ్ అనే మాత్రతో చాలామందికి రక్తం ఎక్కించే అవసరమే తప్పుతుంది. ఏడో క్రోమోజోము ఒకటి మొత్తంగా పోయి ఉంటే జబ్బు వేగంగా ఉంటుందని ముందే తెలుసుకుని సిద్ధమవుతాం.

ఈ పరీక్ష ప్రతిసారీ తేల్చి చెప్పదు. ఎముక ముక్క ఒకటిన్నర సెంటీమీటర్ల కంటే పొట్టిగా ఉన్నా, నలిగిపోయినా, ద్రవంలో రక్తమే ఎక్కువ వచ్చినా పాథాలజిస్ట్ చేతులు కట్టేసినట్టే. మీ రిపోర్టులో ముక్క పొడవు ఎంత, మూలుగ రేణువులు ఉన్నాయా, ఎన్ని కణాలు లెక్కించి బ్లాస్టుల శాతం రాశారు అన్నవి ఉంటాయి, చూసుకోండి. 500 కణాలు లెక్కించడం మంచి పద్ధతి. ఒకోసారి శాంపిల్ బాగున్నా తేలదు. ఖాళీగా ఉండే ఎండీఎస్‌కూ ఎప్లాస్టిక్ ఎనీమియాకూ తేడా చెప్పడం మాకూ కష్టమే. అలాంటప్పుడు రెండు, మూడు నెలలు ఆగి మళ్లీ చేద్దామంటే, మొదటిది దండగ అయిందని కాదు. కణాలు ఎటు పోతున్నాయో ఆ ఎడంలోనే తెలుస్తుంది.

పరీక్ష అయిన రోజు కట్టును తడవనివ్వకండి, మర్నాటి దాకా అక్కడ నీళ్లు పోసుకోవద్దు. బస్తాలు ఎత్తడం, బండి మీద దూరం పోవడం రెండు రోజులు మానండి. నొప్పికి పారాసిటమాల్ వేసుకోండి. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి వద్దు, అవి ప్లేట్‌లెట్ల పనిని చెడగొడతాయి. కట్టు రక్తంతో తడిసిపోయినా, పిరుదు వాచి నొప్పి గంటగంటకూ పెరిగినా, కాలు తిమ్మిరెక్కినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.

చివరిగా, బయాప్సీ కంటే కూడా నన్ను ఎక్కువగా కలవరపెడుతున్న ఒక అంకె మీ రిపోర్టులో ఉంది. మీ తెల్ల కణాల్లో న్యూట్రోఫిల్స్ 34 శాతం. 2,700లో 34 శాతం అంటే 918. ఇన్‌ఫెక్షన్‌ను ఎదిరించే సైన్యం వెయ్యి కంటే తక్కువకు వచ్చింది. ఇంట్లో థర్మామీటర్ పెట్టుకోండి. పరీక్షకు ముందైనా తర్వాతైనా జ్వరం 100.4 దాటితే పారాసిటమాల్ వేసుకుని తెల్లారేదాకా చూద్దామని ఆగకండి. ఆర్‌ఎంపీ దగ్గర ఒక సూది చేయించుకుని ఇంటికి రాకండి. రాత్రి పన్నెండైనా సరే, ఈ రిపోర్టులు చేతిలో పట్టుకుని ఎంజీఎంకో, మీ డాక్టర్ గారి ఆసుపత్రికో నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లి, "నా న్యూట్రోఫిల్స్ వెయ్యి లోపు ఉన్నాయి, జ్వరం వచ్చింది" అని చెప్పండి. నల్లగా విరేచనం అయినా, పడుకున్నా ఆయాసం తగ్గకపోయినా అలాగే చేయండి.